తిరిగే పండుగలు, నిలిచే పండుగలు

ఉగాది ఏటేటా తేదీ మారుస్తుంది. హైదరాబాదు పంచాంగం ప్రకారం అది 2022లో ఏప్రిల్ 2న వచ్చింది. 2023లో మార్చి 22కు వెనక్కి జరిగింది. 2024లో ఏప్రిల్ 9కి ముందుకు దూకింది. 2025లో మళ్లీ మార్చి 30కి వచ్చింది. వినాయక చవితి, దసరా, దీపావళి కూడా ఇదే తీరు. సంక్రాంతి మాత్రం జనవరి 14, లేదంటే 15. మన తాతల కాలంలోనూ జనవరే, మన పిల్లల కాలంలోనూ జనవరే. ఇక్కడ పుట్టి పెరిగిన యువతరానికి ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. బడిలో తమిళ మిత్రుల సంవత్సరాది ప్రతి ఏడూ ఏప్రిల్ 14 ప్రాంతంలోనే వస్తుంటే, మన సంవత్సరాది మాత్రం ఎప్పుడొస్తుందో ముందుగా పంచాంగం చూడనిదే చెప్పలేము. ఒకే మతం, పొరుగు పొరుగు భాషలు. ఒకరి కొత్త సంవత్సరం నిలిచి ఉంటుంది, మరొకరిది తిరుగుతుంది. ఎందుకు?

దీనికి సాధారణంగా వినిపించే సమాధానం "మనది చాంద్రమానం, వారిది సౌరమానం" అన్నది. అది నిజమే, కాని సగం నిజం. మన ఉగాది కేవలం చంద్రుణ్ణే నమ్ముకుని ఉంటే అది ఏడాదిలోని అన్ని ఋతువులలోనూ తిరిగేది. అలా తిరగడం లేదంటే దానిని ఏదో పట్టి ఉంచుతోంది. అలాగే సంక్రాంతి నిజంగా నిలిచి ఉందా అని తరచి చూస్తే, అది కూడా కదులుతూనే ఉంది. పైగా ఆ కదలిక వెనక్కి రానిది.

రెండు కొలతలు

ఆకాశంలో కాలాన్ని కొలిచే గడియారాలు రెండు. మొదటిది చంద్రుడు. ఒక అమావాస్య నుండి మరో అమావాస్యకు సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అటువంటి పన్నెండు నెలలు కలిస్తే 354 రోజులు. రెండవది సూర్యుడు. సూర్యుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు పూర్తి చేయడానికి 365 రోజులకు పైగా పడుతుంది. ఆ చుట్టును మన పూర్వులు మేషం మొదలు మీనం వరకు పన్నెండు రాశులుగా విభజించారు. సూర్యుడు ఒక రాశి నుండి మరొక రాశిలో ప్రవేశించే క్షణమే సంక్రమణం. ఏడాదికి పన్నెండు సంక్రమణాలు వస్తాయి. మనం ఘనంగా జరుపుకునేది మకర సంక్రమణాన్ని.

ఈ రెండు గడియారాలకూ పొత్తు కుదరదు. పన్నెండు చాంద్రమాసాల ఏడాది సూర్యుని ఏడాది కంటే దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఆంగ్ల క్యాలెండరు సూర్యుని లెక్కనే నడుస్తుంది కనుక, చంద్రునికి కట్టిన పండుగ ఆ క్యాలెండరులో ప్రతి ఏటా పదకొండు రోజులు ముందుకు వచ్చేస్తుంది. 2022 ఏప్రిల్ 2 నుండి 2023 మార్చి 22 వరకు లెక్కించండి. సరిగ్గా 354 రోజులు. పన్నెండు చాంద్రమాసాలు, అంతకు మించి ఏమీ లేదు.

ఈ పదకొండు రోజుల లోటును పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. ముస్లిముల హిజ్రీ క్యాలెండరు శుద్ధ చాంద్రమానం. అందువల్లనే రంజాను నెల ఒకప్పుడు ఎండాకాలంలో, మరొకప్పుడు చలికాలంలో వస్తూ, ఇంచుమించు ముప్పై మూడేళ్లలో ఋతువులన్నిటినీ చుట్టి వస్తుంది. వారి సంప్రదాయంలో అది లోపం కాదు, నియమం. మన సంప్రదాయం మరో దారి పట్టింది. ఉగాది వేపపూతతోనూ కొత్త మామిడికాయతోనూ రావాలి. పండుగకు తిథి ఎంత ముఖ్యమో ఋతువూ అంతే ముఖ్యమని మనవారు భావించారు. కనుక చంద్రుణ్ణి సూర్యునితో ముడివేయవలసి వచ్చింది.

గుంజకు కట్టిన ఆవు

ఆ ముడి పేరు అధిక మాసం. పల్లెలో మేతకు వదిలిన ఆవును పలుపుతో గుంజకు కడతారు. ఆవు తిరుగుతుంది, కాని పలుపు ఎంత పొడవుంటే అంత మేరకే తిరుగుతుంది. ఉగాది తిరుగుడు అటువంటిది. ఆ పలుపు ఎలా పనిచేస్తుందో చూద్దాం.

చాంద్రమాసాలకు పేర్లు సూర్యుణ్ణి బట్టి వస్తాయి. ఏ చాంద్రమాసంలో సూర్యుడు మేషరాశిలో ప్రవేశిస్తాడో ఆ మాసం చైత్రం. వృషభంలో ప్రవేశించే మాసం వైశాఖం. సింహంలో ప్రవేశించే మాసం శ్రావణం. ఈ నియమం వల్ల చైత్రం ఎప్పుడు మొదలైనా అది ముగిసేలోగా మేష సంక్రమణం జరిగి తీరాలి. మేష సంక్రమణం ఈ కాలంలో ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తోంది. చాంద్రమాసం ముప్పై రోజులకు మించదు కనుక, చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే ఉగాది, మార్చి 15 మొదలు ఏప్రిల్ 14 వరకు ఉన్న నెల రోజుల మధ్యనే పడాలి. పలుపు పొడవు అంతే. తమిళుల సంవత్సరాది ఆ మేష సంక్రమణాన్నే పట్టుకుని ఉంది. వారిది గుంజ దగ్గరి పండుగ. మనది పలుపు చివరి పండుగ.

సూర్యుడు ఒక రాశిలో సగటున ముప్పై రోజుల పదిన్నర గంటలు ఉంటాడు. చాంద్రమాసం దాని కంటే దాదాపు ఒక రోజు చిన్నది. అందువల్ల అప్పుడప్పుడు ఒక చాంద్రమాసం మొత్తం, మొదటి అమావాస్య నుండి చివరి అమావాస్య దాకా, సూర్యుడు ఒకే రాశిలో ఉండగానే గడిచిపోతుంది. ఆ మాసంలో సంక్రమణమే జరగదు. సంక్రమణం లేని మాసానికి సొంత పేరు ఉండదు. అది తన తర్వాతి మాసం పేరును అరువు తెచ్చుకుని "అధిక" అని పిలిపించుకుంటుంది. పండుగలూ శుభకార్యాలూ దానిలో చేయరు. తర్వాత వచ్చే నిజ మాసంలోనే చేస్తారు.

2023లో ఇది ఎలా జరిగిందో భారత కాలమానంలో చూడండి. జూలై 17 తెల్లవారుజామున సూర్యుడు కర్కాటకంలో ప్రవేశించాడు. ఆ రోజు రాత్రి పన్నెండు దాటగానే అమావాస్య ముగిసింది. కొత్త చాంద్రమాసం మొదలైంది. సంక్రమణం మాసారంభానికి ఒక్క పూట ముందు జరిగిపోయిందన్నమాట. ఆ మాసం ఆగస్టు 16 మధ్యాహ్నం మూడు గంటల వేళకు ముగిసింది. సూర్యుడు సింహంలో ప్రవేశించింది ఆగస్టు 17 మధ్యాహ్నం. అంటే తర్వాతి సంక్రమణం మాసం ముగిశాక ఒక రోజు ఆలస్యంగా జరిగింది. రెండు సంక్రమణాల మధ్య ఆ చాంద్రమాసం పూర్తిగా ఇమిడిపోయింది. అందుకే అది అధిక శ్రావణమైంది. ఆ తర్వాతిది నిజ శ్రావణమైంది. వరలక్ష్మీ వ్రతం ఆ ఏడాది నిజ శ్రావణంలో, ఆగస్టు 25న వచ్చింది. వినాయక చవితి 2022లో ఆగస్టు 31న వచ్చినది, 2023లో సెప్టెంబరు 18కి జరగడానికి కారణం ఇదే. ఆ ఏడాదికి పదమూడు మాసాలు కనుక, 2023 మార్చి 22న మొదలైన శోభకృత్ సంవత్సరం 384 రోజులు నడిచి, తర్వాతి ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది.

ఈ పద్ధతి ఒక్కసారిగా పుట్టలేదు. మనకు దక్కిన పాత జ్యోతిష గ్రంథమైన వేదాంగ జ్యోతిషంలో లెక్క సులభం: ఐదేళ్లు ఒక యుగం, అందులో అరవై రెండు చాంద్రమాసాలు, అంటే ఐదేళ్లకు రెండు అధిక మాసాలు. ఆ యుగానికి 1830 రోజులు. కాని ఐదు సౌర సంవత్సరాల నిజమైన నిడివి సుమారు 1826 రోజులు. ప్రతి ఐదేళ్లకూ నాలుగు రోజుల చొప్పున తేడా పేరుకుంటే నలభై ఏళ్లలో దాదాపు నెల రోజులవుతుంది. పూత రావలసిన వేళకు పిందె కనిపిస్తే ఎవరికైనా లెక్క తప్పిందని తెలుస్తుంది. తర్వాతి సిద్ధాంతకారులు అందుకే సంఖ్యను ముందుగా నిర్ణయించడం మాని, సంక్రమణం జరిగిందా లేదా అని ప్రతి మాసాన్నీ పరీక్షించే నియమాన్ని నిలబెట్టారు. ఈ నియమంలో అధిక మాసం దానంతట అదే, ఇంచుమించు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకు ఒకసారి వస్తుంది. పందొమ్మిదేళ్లలో ఏడు వస్తాయి.

ఆ పందొమ్మిదేళ్లకు మరో విశేషముంది. పందొమ్మిది సౌర సంవత్సరాలూ, 235 చాంద్రమాసాలూ ఇంచుమించు సమానం. తేడా కొన్ని గంటలే. కనుక పందొమ్మిదేళ్లకు ఒకసారి తిథులు మళ్లీ పాత తేదీలకు చేరతాయి. 2005లో ఉగాది ఏప్రిల్ 9. 2024లోనూ ఏప్రిల్ 9. 2006లో మార్చి 30. 2025లోనూ మార్చి 30. ఒక్కొక్కప్పుడు ఒక రోజు అటూ ఇటూ అవుతుంది: 2004లో మార్చి 21, 2023లో మార్చి 22. మీ పందొమ్మిదవ పుట్టినరోజున జన్మతిథీ, ఆంగ్ల తేదీ దాదాపు కలుస్తాయి, పంచాంగంలో చూసుకోవచ్చు. ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నట్టు కనిపించే పండుగ ఇంత నమ్మకంగా ఇంటికి తిరిగి వస్తుంది.

రెండు గడియారాలనూ అడిగే పండుగ

కొన్ని పండుగలు రెండిటినీ ఒకేసారి అడుగుతాయి. వైకుంఠ ఏకాదశి అటువంటిది. సూర్యుడు ధనూరాశిలో ఉండే కాలం ధనుర్మాసం. అది సౌరమాసం కనుక దాదాపుగా డిసెంబరు 16 నుండి జనవరి 14 వరకు కదలకుండా ఉంటుంది. ఏకాదశి చంద్రుని తిథి. ధనుర్మాసంలో వచ్చే శుక్ల ఏకాదశి వైకుంఠ ఏకాదశి. ఆ ముప్పై రోజుల్లో తిథి ఎక్కడ పడితే అక్కడ పండుగ. ఆ ముప్పై రోజుల మధ్యలో ఆంగ్ల సంవత్సరం మారుతుంది కనుక చిత్రమైన ఫలితాలు వస్తాయి. 2023లో వైకుంఠ ఏకాదశి రెండుసార్లు వచ్చింది, జనవరి 2న ఒకసారి, డిసెంబరు 23న మరోసారి. 2024లో ఒక్కసారి కూడా రాలేదు. 2025లో మళ్లీ రెండుసార్లు, జనవరి 10న, డిసెంబరు 30న. ఉత్తర ద్వార దర్శనం ఆ ఏడాది ఎందుకు లేదని అడిగినవారికి సమాధానం ఇదే: ధనుర్మాసం ఏ ఏడాదీ తప్పలేదు, ఏకాదశీ తప్పలేదు, ఆంగ్ల సంవత్సరపు గీత మాత్రం వాటి మధ్య పడింది.

సంక్రాంతి నిలిచే ఉందా?

ఇప్పుడు నిలిచి ఉన్నట్టు కనిపించే పండుగను చూద్దాం. సంక్రాంతి 14నా, 15నా అన్న సందేహం తరచుగా వస్తుంది. దీనికి కారణం చిన్నది. సూర్యుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగడానికి 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు పడుతుంది. క్యాలెండరు ఏడాదికి 365 రోజులే కనుక సంక్రమణ క్షణం ఏటా ఆరు గంటలు ఆలస్యమవుతుంది. నాలుగేళ్లకోసారి లీపు రోజు ఆ ఆలస్యాన్ని వెనక్కి లాగుతుంది. దృక్సిద్ధ గణితం ప్రకారం భారతదేశంలో 2023లో మకర సంక్రమణం జనవరి 14 రాత్రి తొమ్మిది గంటల వేళ జరిగింది. సూర్యాస్తమయం దాటింది కనుక పండుగ మరునాడు, 15న. 2024లో 15 తెల్లవారుజామున మూడు గంటల వేళ, పండుగ 15నే. ఆ ఏడాది ఫిబ్రవరిలో లీపు రోజు వచ్చింది. 2025లో సంక్రమణం జనవరి 14 ఉదయం తొమ్మిదింటికి వచ్చింది, పండుగ 14నే. సూర్య సిద్ధాంతపు పాత గణితాన్ని అనుసరించే పంచాంగాలలో ఈ క్షణం కొన్ని గంటలు వెనుకగా వస్తుంది. పంచాంగకర్తల మధ్య ఒక రోజు తేడా వచ్చే ఏళ్లలో చాలావరకు కారణం ఇదే.

అయితే లీపు రోజుల లెక్క సరిచూసుకున్నాక కూడా ఒక శేషం మిగులుతుంది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న కలకత్తాలో జన్మించారు. అది మకర సంక్రాంతి రోజు. భారతదేశం నేడు జనవరి 12ను జాతీయ యువజన దినోత్సవంగా జరుపుకుంటుంది. సంక్రాంతి మాత్రం దాని తర్వాత రెండు మూడు రోజులకు వస్తోంది. ఆ పుట్టినరోజు క్యాలెండరులో అక్కడే ఉంది. సంక్రాంతి దానిని దాటి ముందుకు నడిచింది. నూట అరవై ఏళ్లలో రెండు రోజులకు పైగా.

దీనికి మూలం భూమి అక్షంలో ఉంది. తిరిగే బొంగరం తల మెల్లగా వలయం చుట్టినట్టు, భూమి అక్షం కూడా దాదాపు ఇరవై ఆరు వేల ఏళ్లకు ఒకసారి వలయం చుడుతుంది. దాని వల్ల సూర్యుని ఋతు సంవత్సరం, అంటే ఒక వసంత విషువత్తు నుండి మరో వసంత విషువత్తు వరకు ఉన్న కాలం, నక్షత్ర సంవత్సరం కంటే ఇరవై నిమిషాలు తక్కువ. ఆంగ్ల క్యాలెండరు ఋతువులను పట్టుకుని నడుస్తుంది. మన సంక్రమణాలు నక్షత్రాలను పట్టుకుని నడుస్తాయి. ఏడాదికి ఇరవై నిమిషాలంటే ఎవరికీ కనిపించదు. డెబ్బై ఏళ్లకు అది ఒక రోజవుతుంది. 2100లో ఆంగ్ల క్యాలెండరుకు లీపు రోజు ఉండదు. ఆ తర్వాత పుట్టే మన మునిమనవలు సంక్రాంతిని జనవరి 15న, 16న జరుపుకుంటారు.

ఈ జరుగుడు తేదీకి మాత్రమే సంబంధించినది కాదు, అర్థానికి సంబంధించినది. సంక్రాంతిని మనం ఉత్తరాయణ పుణ్యకాలమంటాము. సూర్యుడు దక్షిణపు కొసను చేరి ఉత్తరానికి తిరిగే రోజు ఉత్తరాయణారంభం. కాని ఆ మలుపు నేడు డిసెంబరు 21, 22 తేదీలలోనే జరిగిపోతోంది. చలిదేశాలలో ఉన్న మనకు ఇది పుస్తకం చూడకుండానే తెలుస్తుంది: ఏడాదిలో అతి చిన్న పగలు క్రిస్మసుకు ముందే వస్తుంది, సంక్రాంతి నాటికి సాయంత్రాలు అప్పటికే కొంత పొడుగవుతాయి. మకర సంక్రమణమూ సూర్యుని మలుపూ ఒకే రోజున కలిసింది సుమారు 1,700 ఏళ్ల క్రితం. నాటి నుండి ఇరవై మూడు, ఇరవై నాలుగు రోజుల ఎడం ఏర్పడింది. ఉగాదికీ ఇదే వర్తిస్తుంది. ఆవు పలుపు మేరకే తిరుగుతోంది కాని, గుంజే మెల్లగా ముందుకు జరుగుతోంది.

సరిచేయాలా, వద్దా?

ఇటువంటి జరుగుడు మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. ఐరోపా వారి పాత జూలియన్ క్యాలెండరు ఏటా పదకొండు నిమిషాలు అధికంగా లెక్కించడం వల్ల శతాబ్దాల మీద జరిగిపోయింది. 1582లో పోప్ గ్రెగొరీ ఆజ్ఞతో అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 అయింది. పది తేదీలు మాయమయ్యాయి. బ్రిటనూ, దాని పాలనలోని అమెరికా వలసలూ 1752లో గాని ఆ మార్పును అంగీకరించలేదు. అప్పటికి పదకొండు తేదీలు వదులుకోవలసి వచ్చింది. నేటికీ రష్యా వంటి దేశాల చర్చిలలో క్రిస్మసు జనవరి 7న రావడానికి ఆ పాత లెక్కే కారణం.

స్వతంత్ర భారతం కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొంది. అప్పటికి దేశంలో ముప్పైకి పైగా పంచాంగ పద్ధతులు వాడుకలో ఉండేవి. 1952 నవంబరులో ప్రభుత్వం భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన క్యాలెండరు సంస్కరణ సంఘాన్ని నియమించింది. సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1గా, జాతీయ క్యాలెండరు అమలులోకి వచ్చింది. అందులోని నెలలు ఋతువులకు కట్టుబడినవి. విషువత్తు మరునాడు ఏడాది మొదలవుతుంది. ఆకాశవాణి ప్రకటనల్లో, ప్రభుత్వ రాజపత్రంలో ఆ తేదీ కనిపిస్తుంది.

పండుగల విషయంలో సంఘం జాగ్రత్తగా నడిచింది. శతాబ్దాలుగా పేరుకున్న ఇరవై మూడు రోజులను ఒక్క దెబ్బతో కోసివేస్తే సంక్రాంతి డిసెంబరులోకి, ఉగాది ఫిబ్రవరి, మార్చి నెలలలోకి పోయేవి. జనం అంగీకరించరని సంఘానికి తెలుసు. కనుక ఉన్న ఎడాన్ని అలాగే ఉంచి, ఇకమీదట అది పెరగకుండా ఆపుదామని సూచించింది. గుంజను పీకి పాత చోట పాతవద్దు, కాని ఇంకా జరగనివ్వవద్దు అన్నమాట. ఇళ్లలో, దేవాలయాలలో వాడే పంచాంగాలు మాత్రం ఆ సూచనను పట్టించుకోలేదు. నక్షత్రాలనే అనుసరిస్తూ వచ్చాయి.

ఇందులో ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం సులభం కాదు. ఋతువును నమ్మితే సంక్రాంతి జరగకుండా ఆగుతుంది, కాని సూర్యుడు మకరరాశిలో ప్రవేశించిన క్షణమన్న దాని నిర్వచనం పోతుంది. నక్షత్రాన్ని నమ్మితే నిర్వచనం నిలుస్తుంది, కాని పంటకాలంతో సంబంధం మెల్లగా సడలుతుంది. మరో రెండు వేల ఏళ్లకు సంక్రాంతి ఫిబ్రవరిలోకి ప్రవేశిస్తుంది. ఉగాది కొన్ని ఏళ్లలో మే నెలను తాకుతుంది. అప్పటికి వేపపూత రాలిపోయి ఉంటుంది. రెండిటినీ కలిపి నిలుపుకునే దారి ఆకాశంలో లేదు.

మనమున్న చోట ఏ రోజు?

విదేశాలలో ఉన్న మనకు మరొక చిక్కు ఉంది. అమావాస్య ముగిసే క్షణం భూమి అంతటికీ ఒకటే. కాని ఆ క్షణాన ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క గంట. మన శాస్త్రం సాధారణంగా ఉగాదిని సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజున జరుపుకోమంటుంది. సూర్యోదయం ఎక్కడిదక్కడే. తిథి నిడివి కూడా రోజుతో సమానం కాదు. పంతొమ్మిది గంటల నుండి ఇరవై ఆరు గంటల దాకా మారుతుంది.

2025 ఉగాదినే తీసుకోండి. పాడ్యమి భారతదేశంలో మార్చి 29 సాయంత్రం నాలుగున్నరకు మొదలై, 30 మధ్యాహ్నం ఒంటిగంటలోపు ముగిసింది. హైదరాబాదులో 30వ తేదీ సూర్యోదయానికి పాడ్యమి ఉంది కనుక ఉగాది 30న. అవే క్షణాలను చికాగో గడియారంలో చూడండి. పాడ్యమి మార్చి 29 ఉదయం ఆరింటికి మొదలైంది. అక్కడ సూర్యోదయం ఆరూ నలభైకి. 30వ తేదీ రాత్రి రెండున్నర కాకముందే పాడ్యమి ముగిసింది. కనుక చికాగో సూర్యోదయం లెక్కన ఉగాది 29న, హైదరాబాదు కంటే ఒక రోజు ముందు. ఇంటి నుండి "ఇవాళ పండుగ కదా" అని ఫోను వచ్చే వేళకు ఇక్కడ పండుగ అయిపోయి ఉంటుంది. ఇది పొరపాటు కాదు. ఒకే నియమాన్ని రెండు సూర్యోదయాలకు వర్తింపజేస్తే వచ్చిన రెండు సరైన సమాధానాలు. చికాగోలో భారతదేశపు పంచాంగాన్ని గోడకు తగిలించి యథాతథంగా వాడితేనే పొరపాటు జరుగుతుంది.

అంతకు ముందరి ఏడాది ఈ గణితమంతా కళ్ల ఎదుటనే జరిగింది. 2024 ఏప్రిల్ 8 మధ్యాహ్నం టెక్సాస్ నుండి మెయిన్ వరకు లక్షలాది ప్రజలు తలలెత్తి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూశారు. చంద్రుడు సూర్యుని ఎదుటికి వచ్చిన ఆ వేళే ఫాల్గుణ అమావాస్య ముగింపు. ఆ నీడ తొలగగానే చైత్ర శుద్ధ పాడ్యమి మొదలైంది. మరునాటి ఉదయం ఇక్కడా అక్కడా క్రోధి నామ సంవత్సర ఉగాది. పంచాంగంలో చిన్న అక్షరాలలో అచ్చయ్యే "అమావాస్య" అన్న మాటకు అర్థం ఆ చీకటి.

ఇకమీద ఏదైనా పండుగ తేదీ మారిందనిపించినప్పుడు ముందు దాని పేరు చూడండి. పేరులో గాని నిర్వచనంలో గాని చవితి, అష్టమి, దశమి, పున్నమి, అమావాస్య వంటి తిథి ఉంటే అది చంద్రునిది. నెల రోజుల మేర తిరిగి, పందొమ్మిదేళ్లకు మళ్లీ పాత తేదీకి వస్తుంది. సంక్రమణం ఉంటే అది సూర్యునిది. భోగి, సంక్రాంతి, కనుమ దాని వెంటే వస్తాయి. 2026లో ఉగాది మార్చి 19న వచ్చి, జ్యేష్ఠం అధికమైనందువల్ల 2027లో ఏప్రిల్ 7కు జరుగుతుంది. 2043లో, 2044లో ఉగాది ఏ తేదీల దగ్గర వస్తుందో మీరే లెక్క వేసుకోగలరు. 2024, 2025 తేదీలు చూస్తే చాలు.